బొటనవేలికి పాన్ కార్డు కావాలి

కేంద్ర ఆర్థిక శాఖవారికి సవినయంగా చేసుకునే మనవి ఏమనగా, నా కుడిచేతి బొటనవేలికి విడిగా ఒక పాన్ కార్డు మంజూరు చేయాలి. మా ఇంట్లో షేర్ మార్కెట్ ఆప్షన్లు, అంటే ధర ఎటు కదులుతుందో అన్న పందెపు ఒప్పందాలు, కొంటున్నదీ అమ్ముతున్నదీ అదే. నా పాత్రల్లా సాయంత్రం దాని లెక్కలు చూసి తల పట్టుకోవడం వరకే. దాని నష్టాలను నా రిటర్నులో, నా పేరిట చూపించమనడం ఏ విధంగా న్యాయమో పెద్దలు ఆలోచించాలి.

ఇది ఎగతాళి కాదు, సాక్ష్యాలున్నాయి. ఒకప్పుడు ఏదైనా కొనాలంటే బ్రోకరు ఆఫీసుకు ఫోను చేయాల్సివచ్చేది. ఆయన వెంటనే ఎత్తేవాడు కాదు. ఎత్తాక పేరు, ఖాతా నంబరు, ఎన్ని షేర్లు, ఎంత ధర అని అడిగేవాడు. మనం చెప్పింది మనకే తిరిగి చదివి వినిపించేవాడు. మన మాట ఇంకొకరి నోట వినేసరికి అదెంత తెలివితక్కువగా ఉందో తెలిసి, 'రేపు చేస్తానండీ' అని పెట్టేసిన సందర్భాలు నాకే చాలా ఉన్నాయి. ఆయనేమీ పుణ్యమూర్తి కాదు, ఆయనా కమీషను మనిషే. కాకపోతే ఆయనకు భోజన విరామం ఉండేది.

ఇప్పటి ట్రేడింగ్ యాప్‌కు ఆ బలహీనత లేదు. అందులో ఆర్డరు పెట్టే గడి తెర మీదే కాచుకుని ఉంటుంది. ఆప్షన్లను లాట్లుగా, అంటే కట్టలుగానే అమ్ముతారు; కిందటిసారి ఎన్ని లాట్లు కొన్నామో ఆ సంఖ్యను గుర్తుపెట్టుకుని ముందే నింపి ఉంచుతుంది. 'నిజంగానే కొంటారా?' అని అడిగే తెర మొదట్లో ఉండేది గానీ, 'ఇకపై అడగవద్దు' అన్న గడిలో ఒకసారి టిక్కు పెడితే అదీ తప్పుకుంది. ఇప్పుడు పచ్చటి పట్టీ మీద వేలిని ఎడమ నుంచి కుడికి జరిపితే చాలు. విస్తరి ముందు కూర్చుని ఎడమచేత్తో ఫోను పట్టుకుని కూడా ఈ పని చేయవచ్చని మా ఇంట్లో రుజువైంది. కొన్నది ఆప్షను అని నాకు తెలిసేలోపు ఎక్స్ఛేంజిలో అది నమోదయి ఉంటుంది. (ఆ రోజు పని చేసింది ఎడమ బొటనవేలు. దాని పాన్ కార్డుకు వేరే అర్జీ పెట్టుకుంటాను.)

ఇంత సేవ ఎందుకు చేస్తున్నారంటే, నా మీద ప్రేమతో మాత్రం కాదు. ఆర్డరుకు 20 రూపాయలు. నేను గెలిచినా అంతే, ఓడినా అంతే. టోల్ గేటు దగ్గర కూర్చున్నవాడికి మనం పెళ్లికి వెళుతున్నామా పరామర్శకు వెళుతున్నామా అన్నది అనవసరం. బండి ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందన్నదే లెక్క. ఆ తిరుగుడు పెరగాలంటే ఆలోచనకూ ఆర్డరుకూ మధ్య ఉన్న దూరం తగ్గాలి. ఆ దూరాన్ని తగ్గించడానికి మంచి జీతాలిచ్చి ఇంజినీర్లను పెట్టుకున్నారు. నా ఆలోచనను మెరుగుపరచడానికి ఒక్కరినీ పెట్టినట్టు కనిపించదు.

2025 అక్టోబరులో ఒక మంగళవారం సంగతి చెబుతాను. నిఫ్టీ వారపు ఆప్షన్ల గడువు ముగిసే రోజు. అప్పుడు లాటుకు 75 ఆప్షన్లు. ఒక్కో ఆప్షనుకు సుమారు 100 రూపాయల ప్రీమియం, అంటే దాని ధర, ఇచ్చి ఒక లాటు కొనడం, కాసేపటికి అమ్మడం, మళ్లీ కొనడం. అలా నా బొటనవేలు మధ్యాహ్నం మూడున్నర లోపల 14 సార్లు కొని 14 సార్లు అమ్మింది. ముగిసేసరికి తెర మీద పచ్చటి అంకె వెలుగుతోంది: 412 రూపాయల 50 పైసల లాభం. ఇంటికి మిఠాయి తెచ్చాను. మిఠాయి ఖర్చు ఈ లెక్కలోకి రాదు.

రాత్రి కాంట్రాక్టు నోటు మెయిల్లో వచ్చింది. దాన్ని తెరవాలంటే పాస్‌వర్డుగా పాన్ నంబరు పెద్దక్షరాల్లో కొట్టాలి. 75 ఆప్షన్లు కొనడానికి వేలు జరిపితే చాలు, దాని బిల్లు చూడడానికి మాత్రం పది అక్షరాలు తప్పు లేకుండా టైపు చేయాలి. బహుశా అందుకే ఆ నోటును అంతవరకూ నేను తెరవలేదు. ఆ రోజు మా ఆవిడ తెరిపించింది. ఆవిడ ఇరవై ఏళ్లుగా వీధిలో చీటీలు వేస్తున్న మనిషి, కమీషను వాసన దూరం నుంచే పసిగడుతుంది.

"ఏమండీ, మీరు చెప్పిన ఆ 412 ఇందులో ఎక్కడుంది?" అంది.

వెతికాం. 28 ఆర్డర్లకు బ్రోకరేజీ 560 రూపాయలు. అమ్మిన ప్రీమియం మీద అప్పటి లెక్కన 0.1 శాతం లావాదేవీ పన్ను, 105. ఎక్స్ఛేంజి రుసుము 73 చిల్లర. బ్రోకరేజీ, రుసుముల మీద 18 శాతం జీఎస్టీ, 114. స్టాంపు డ్యూటీ ఓ మూడు రూపాయలు. అన్నీ కలిపి 855. పచ్చటి 412లోంచి దీన్ని తీసేస్తే 443 రూపాయల నష్టం. ఇందులో మోసమేమీ లేదు, తెర మీద చూపిస్తున్నది ఖర్చులు తీయని లాభమని ఎక్కడో సన్నటి అక్షరాల్లో రాసే ఉంటుంది. ఒక్కసారి కొని అమ్మితే అయ్యే ఖర్చు 61 రూపాయలు. అంటే ప్రీమియం 81 పైసలు పెరిగితే తప్ప నేను సున్నాకు కూడా చేరను. తొందరలో మార్కెట్ ధరకు కొనడం వల్ల, అమ్మేవాడు అడిగే ధరకూ కొనేవాడు ఇస్తానన్న ధరకూ మధ్య ఉన్న తేడా కూడా ప్రతిసారీ నేనే భరిస్తున్నాను. అది ఏ నోటులోనూ కనిపించదు.

"నెలకు ఇరవై రోజులు ఇలాగే చేస్తే?" అని ఆవిడే గుణించింది. 17,100. నేను పెట్టుబడిగా పెట్టింది లక్ష. "చీటీలో నూటికి ఐదు తీసుకుంటే వీధి వీధంతా నా మీదకు వస్తుంది. మీరు నెలకు నూటికి పదిహేడు ఇచ్చి మిఠాయి కూడా తెస్తున్నారు" అంది. ఆ తర్వాత జరిగిన సంభాషణ ఈ వ్యాసానికి అవసరం లేదు.

ఇక నోటిఫికేషన్ల సంగతి. మా బంధువుల్లో ఎవరూ నా గురించి ఇంతగా పట్టించుకోలేదు. ఉదయం తొమ్మిదికి 'మార్కెట్ తెరుచుకోబోతోంది', పదికి 'మీరు చూసిన షేరు 3 శాతం ఎగిరింది', రెండు రోజులు నేను కనిపించకపోతే 'మీ ఖాతాలో డబ్బు ఖాళీగా ఉంది'. బ్యాంకులో ఉన్నప్పుడు ఆ డబ్బు ఖాళీగా ఉందని ఎవరూ అనలేదు. ఒక విషయం గమనించాను: ఏదైనా కదిలినప్పుడే మోత వస్తుంది. 'ఈ రోజు విశేషమేమీ లేదు, పడుకోండి' అన్న సందేశం ఇన్నేళ్లలో ఒక్కటీ రాలేదు. నిజానికి చాలా రోజులకు సరిపోయే సందేశం అదే.

తోటివారి సంగతి వేరే. 'ఈ రోజు ఎక్కువమంది కొన్నవి' అని ఒక జాబితా ఉంటుంది. అదేదో వార్తలా కనిపిస్తుంది గానీ, పనిచేసేది పెళ్లి భోజనాల్లో పక్క విస్తరిలా. 2022లో కెనడాలోని ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ నమూనా ట్రేడింగ్ వేదిక మీద ఒక ప్రయోగం చేసింది. అలాంటి జాబితా చూపినవారు అందులోని షేర్లలో 14 శాతం ఎక్కువ లావాదేవీలు చేశారు. కొన్నందుకూ అమ్మినందుకూ దాదాపు విలువలేని పాయింట్లు ఇస్తే లావాదేవీలు ఏకంగా 39 శాతం పెరిగాయి. పాయింట్లతో ఏమొస్తుందని అడగకండి, బడిలో నక్షత్రం గుర్తు వేయించుకోవడానికి మనం ఎంత తాపత్రయపడ్డామో గుర్తుతెచ్చుకోండి. మా కాలనీ వాట్సాప్ బృందంలో లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టే మిత్రుడు ఒకరున్నారు. వారానికి రెండు పెడతారు, మిగిలిన మూడు రోజులు మౌనవ్రతం. ఆ మూడు రోజుల పటాలు కూడా పెట్టించగలిగితే బృందానికి ఎంతో మేలు జరిగేది.

ప్రభుత్వం ఊరుకుందని అనలేం. 2023 జూలై నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశం ప్రకారం, లాగిన్ కాగానే తెరలో కనీసం సగాన్ని ఆక్రమించే హెచ్చరిక వస్తుంది. ఫ్యూచర్లు, ఆప్షన్లలో పదిమందిలో తొమ్మిదిమందికి నష్టమేనని చెబుతుంది. 'చదివాను' అని నొక్కితే తప్ప ముందుకు కదలనివ్వదు. నా బొటనవేలు దాన్ని చదవకుండానే నొక్కడం రెండో రోజుకే నేర్చుకుంది. 2024లో సెబీయే మూడేళ్ల లెక్క తీస్తే, నష్టపోయినవారు నూటికి 93 అని తేలింది. ఒక్క 2023-24లోనే మనిషికి సగటున 26,000 రూపాయలు కేవలం ఖర్చుల కింద పోయాయి. వెనకటి రోజుల్లో అక్షరం రాని రైతు ప్రోనోటు మీద వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకుంటే, పాపం చదువు లేదు అనేవాళ్లం. నేను రెండు డిగ్రీలు చదివి, రోజుకు 28 వేలిముద్రలు వేశాను.

ఇక ఆ వేలిని అదుపు చేసిన విధానం. మనోనిగ్రహాన్ని నేను నమ్మను, అది మూడు రోజుల ముచ్చట. నమ్మదగినది బద్ధకం. యాప్ తీసేసిన దూరాన్నంతా తిరిగి పెట్టడమే నేను చేసిన పని. ముందుగా సెట్టింగుల్లోకి వెళ్లి ఆర్డరు నిర్ధారణ తెరను మళ్లీ రప్పించాను, సంఖ్య గడిని ఖాళీ చేయించాను. తర్వాత ఫోనులోంచి యాప్ తీసేసి, మేడ మీది గదిలో ఉన్న పాత కంప్యూటరులోనే లాగిన్ అవ్వాలని ఒప్పందం చేసుకున్నాను. అది తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, దాన్ని మార్చే ఉద్దేశం లేదు. ట్రేడింగ్ ఖాతాలో వాడని డబ్బు బ్యాంకుకు తిరిగిరావడానికి మూడు నెలల గడువు ఎంచుకుని ఉంటే, దాన్ని నెలకు మార్చాను. ఆ బ్యాంకు ఖాతాకు ఫోనులో యూపీఐ తీసేశాను. అన్నిటికంటే పనిచేసింది మాత్రం ఒక నోటు పుస్తకం. ప్రతి ఆర్డరుకూ ముందు ఎందుకు కొంటున్నానో ఒక వాక్యం రాయాలి, రాత్రి పక్కనే కాంట్రాక్టు నోటులోని మొత్తం ఖర్చు వేయాలి. మొదటి రోజు నా చేతిరాతలో ఉన్న కారణం 'ఎగురుతోంది'. రెండో రోజుది 'ఇంకా ఎగురుతుందేమో'. మూడో రోజు రాయడానికి సిగ్గేసింది.

కొన్ని యాప్‌లలో ఫలానా విభాగాన్ని కొన్ని గంటలపాటు మూసేసే కిల్ స్విచ్ ఉంటుంది. మంచిదే. నష్టం వచ్చిన కోపంలో ఆ నష్టాన్ని వెంటనే రాబట్టాలన్న ఉద్రేకం వచ్చే పూట అది పనికొస్తుంది. అయితే గడువు తీరాక తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. పైగా ఒక యాప్‌లో మూస్తే, ఇంకో యాప్‌లో ఖాతా తెరవడానికి పాన్, ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, ఓ సెల్ఫీ ఉంటే పెద్దగా కష్టం లేదు. కాబట్టి నేను ఆప్షన్ల విభాగాన్నే పూర్తిగా రద్దు చేయించుకున్నాను. మళ్లీ కావాలంటే ఆదాయ రుజువులు పెట్టాలి. ఆ కాగితాలున్న బీరువా తాళం చీటీల పుస్తకాలతో పాటు మా ఆవిడ దగ్గరుంది.

యాప్ తీసేసిన చోట తెర మీద ఇప్పుడు వాతావరణం చెప్పే యాప్ ఉంది. ఉదయం తొమ్మిదింబావుకు వేలు దానంతట అదే అక్కడికి వెళ్లి నొక్కుతోంది. నిన్న 28 సార్లు చూశాను. వాన సూచనలు లేవు.