ఆ 72 శాతం దేనికి సాక్ష్యం?

డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టు తెరిస్తే మొదటి పేజీల్లోనే ఒక డిక్లరేషన్ కనిపిస్తుంది. 'ఇది నా సొంత పని, మరెక్కడా సమర్పించలేదు' అని. చాలాసార్లు అది సీనియర్ల ఫైల్లోంచి ఎత్తి, పేరూ హాల్‌టికెట్ నంబరూ మార్చి సంతకం పెట్టిన పేజీయే. సొంత పని అని చెప్పే పేజీయే సొంతం కాదు! ఏఐ మీద కాలేజీకి ఒక విధానం రాయమంటే కమిటీకి ముందు తోచేది ఆ పేజీకే 'ఏఐ వాడలేదు' అని మరో వాక్యం తగిలించడం. దానివల్ల అబద్ధపు సంతకాలు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లోని కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టునే తీసుకుందాం. 180 గంటల పని. విద్యార్థి ఒక ఊరో వార్డో ఎంచుకుని ఇంటింటికీ తిరిగి సర్వే చేయాలి, లాగ్‌బుక్ రాయాలి, చివర్లో రిపోర్టు ఇవ్వాలి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన ఒక అమ్మాయి తాగునీటి మీద 40 ఇళ్లు తిరిగిందనుకుందాం. రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉండాలన్నారు. తనకు తోచింది తెలుగులో రాసుకుని ట్రాన్స్‌లేట్ యాప్‌లో వేసింది. భాష బాగోలేదనిపించి చాట్‌జీపీటీతో సరిదిద్దించుకుంది. లెక్చరర్ దాన్ని ఏఐ రాతను కనిపెట్టే డిటెక్టర్‌లో పెడితే 72 శాతం ఏఐ అని వచ్చింది.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. మన అధ్యాపకులకు శాతాలు కొత్త కాదు. యూజీసీ 2018లో తెచ్చిన ప్లేజరిజం నిబంధనల్లో సిద్ధాంత గ్రంథాలకు శ్లాబులున్నాయి: ఇతరుల రాతలతో 10 శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదు, 40 దాకా అయితే ఆర్నెల్లలోపు సరిదిద్ది ఇవ్వాలి, 60 దాకా అయితే ఏడాది పాటు మళ్లీ సమర్పించే వీల్లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆ అలవాటుతో 72 అనగానే చేయి ఎర్ర పెన్ను మీదికి పోతుంది. కానీ ఈ రెండు శాతాలూ ఒక జాతివి కావు. సారూప్యం చూపే సాఫ్ట్‌వేర్, ఫలానా పేరా ఫలానా చోటి నుంచి వచ్చిందని మూలాన్ని పక్కనే పెడుతుంది. అధ్యాపకుడు రెండూ పోల్చి చూడగలడు, విద్యార్థి జవాబు చెప్పుకోగలడు. ఏఐ శాతం వెనక అలాంటి మూలం ఏదీ ఉండదు. అది వాక్యాల తీరును బట్టి వేసిన అంచనా. దేనితో పోల్చి చూడాలి? దేన్ని ఖండించాలి?

ఆ అంచనా ఎవరి విషయంలో తప్పుతుందో కూడా తెలుసు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివారు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. సగటున 60 శాతానికి పైగా వ్యాసాలను అవి యంత్రం రాసినవే అన్నాయి. పరిమితమైన పదాలతో, సాదా వాక్యాలతో జాగ్రత్తగా రాసే ఇంగ్లిష్ వాటికి యంత్రం రాతలా కనిపించింది. మన తెలుగు మీడియం పిల్లలు రాసే ఇంగ్లిష్ సరిగ్గా అదే కదా. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా తన సొంత డిటెక్టర్‌ను కచ్చితత్వం చాలదంటూ అదే ఏడాది జులైలో ఆపేసింది.

తర్వాత వచ్చిన డిటెక్టర్లు మెరుగయ్యాయనే వాదన ఉంది. సరే, ఒప్పుకుని లెక్క వేద్దాం. కాలేజీలో 600 రిపోర్టులు వచ్చాయి. వాటిలో 30 మాత్రమే యంత్రంతో రాయించినవి. డిటెక్టర్ వందలో 80 దొంగల్ని పడుతుంది, వందలో నలుగురు నిర్దోషులను పొరపాటుగా చూపుతుంది అనుకుందాం. 30 మందిలో 24 మంది దొరుకుతారు. మిగతా 570 మందిలో 23 మంది ఏ తప్పూ లేకుండా ఇరుక్కుంటారు. అంటే కమిటీ ముందు నిలబడే 47 మందిలో దాదాపు సగం మంది అమాయకులే. తమాషా ఏమిటంటే, కాలేజీలో నిజాయతీపరులు ఎంత ఎక్కువైతే ఈ నిష్పత్తి అంత అధ్వానమవుతుంది.

కాబట్టి విధానంలో మొదటి నిబంధన ఇలా ఉండాలి: డిటెక్టర్ శాతం విచారణ మొదలుపెట్టడానికి పనికొస్తే రావచ్చు, తీర్పుకు మాత్రం పనికిరాదు. దానికి తోడు, విద్యార్థి జవాబు చెప్పగలిగే ఆధారం కనీసం ఒక్కటైనా ఉండాలి. లేని పుస్తకాన్ని ఉన్నట్టు ఉదహరించడం, సర్వే ఫారాలకూ రిపోర్టులోని పట్టికకూ పొంతన లేకపోవడం లాంటిది.

మన అమ్మాయి దగ్గరికే వద్దాం. శాతం వచ్చిన వెంటనే క్లాసులో నలుగురి ముందూ నిలదీయకుండా, ఏ పేజీల మీద ఏ అనుమానమో రాతపూర్వకంగా ఇచ్చి వారం గడువు ఇవ్వాలి. ఫారాలు, లాగ్‌బుక్, తెలుగు చిత్తుప్రతి తెమ్మనాలి. గూగుల్ డాక్స్ హిస్టరీ చూపించమనడం మన దగ్గర అన్నిసార్లూ కుదరదు. చాలామంది చేత్తో రాసి జిరాక్స్ షాపులో టైపు చేయిస్తారు. ఒక్కోసారి ఆ షాపతనే 'ఇంగ్లిష్ కొంచెం బాగు చేశానమ్మా' అని చాట్‌జీపీటీలో తిప్పేసి ఇస్తాడు. అందుకే డిక్లరేషన్‌లో టైపు చేసిందెవరన్న ప్రశ్న కూడా ఉండాలి.

తర్వాత ఓ పావుగంట మాట్లాడాలి, అదీ తెలుగులో. పరీక్షిస్తున్నది ఆమె ఇంగ్లిష్‌ను కాదు. 'మూడో పట్టికలో 28 ఇళ్లు క్యాన్ నీళ్లు కొంటున్నాయన్నావు, ఏ వీధి వాళ్లమ్మా?' అని అడిగితే, బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయనీ, ఆర్వో ప్లాంటు ఏ మూల ఉందో, క్యాను ఎంతకు వేస్తారో ఆమె చెబుతుంది. ఫారాల్లో లెక్క 28కి సరిపోతుంది. పని ఆమెదే, భాషకే సాయం తీసుకుంది. దాన్ని చెప్పకపోవడం పొరపాటు కాబట్టి డిక్లరేషన్ సరిచేసి ఇమ్మంటే చాలు.

అదే క్లాసులో ఇంకో కుర్రాడికి 9 శాతమే వచ్చింది. అతని 40 ఫారాలూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే రోజు తేదీతో ఉన్నాయి. ఊరికి వెళ్లనే లేదు. డిటెక్టర్‌కు అతను బంగారం.

డిక్లరేషన్‌లో అవును, కాదు అనే గడులు వద్దు. ఏ సాధనం, ఏ పనికి, వచ్చిన ఫలితాన్ని ఎలా సరిచూసుకున్నావు అన్న మూడే ప్రశ్నలు చాలు. స్పెల్లింగ్ చెక్, నిఘంటువు చెప్పనక్కర్లేదు. అనువాదం, భాష దిద్దుబాటు చెబితే చాలు. అంకెలు, ఉదాహరణలు, విశ్లేషణ పుట్టించడం లెక్చరర్ ముందే అనుమతిస్తే తప్ప కూడదు. ఈ గీత ఒక్కో అసైన్‌మెంటుకు మారుతుంది కనుక ప్రశ్నపత్రం మీదే ముద్రించాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, అనుమతించిన సాయాన్ని నిజాయతీగా చెప్పినందుకు ఒక్క మార్కు కూడా తగ్గకూడదు. ఒక్కసారి తగ్గిందా, ఆ కబురు సాయంత్రానికి హాస్టల్ అంతా పాకుతుంది. మరుసటి ఏడాది ఆ పేజీలో 'ఏమీ వాడలేదు' తప్ప మరోటి కనిపించదు.

అనుమానించిన లెక్చరరే తీర్పు చెప్పకూడదన్నది సహజ న్యాయం. యూజీసీ నిబంధనలు విభాగ స్థాయి ప్యానెల్‌కు 45 రోజులు ఇచ్చాయి. థీసిస్‌కు అది సరే, సెమిస్టర్ పనికి పది పనిదినాలు మించితే ఫలితాలే ఆగిపోతాయి. తీర్పు మీద అప్పీలుకు మరో ఇద్దరుండాలి. చాట్‌జీపీటీ వాక్యాలను మనిషి వాక్యాల్లా మార్చుకునే తెలివైనవాడు ఈ వల తప్పించుకుంటాడు, నిజమే. డిటెక్టర్ నమ్ముకున్నా తప్పించుకునేవాడే.

ఒక పని మాత్రం కాలేజీలు తలపెట్టడం లేదు. ఎంతమందిని అనుమానించారు, వారిలో ఎంతమంది నిర్దోషులుగా తేలారు అన్నది ఏడాది చివర పేర్లు లేకుండా నోటీసు బోర్డులో పెట్టాలి. ఆ లెక్క చేతిలో లేకపోతే, డిటెక్టర్ చందా మళ్లీ కట్టాలో వద్దో ప్రిన్సిపాల్ దేన్ని చూసి తేల్చుకుంటారు?