కిలోమీటరుకు పావలాయేనా?

విద్యుత్ స్కూటర్ల షోరూముల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపించే మాట ‘కిలోమీటరుకు పావలా’. కరెంటు ఖర్చు వరకే అయితే ఇందులో పెద్దగా అబద్ధం లేదు. మూడు యూనిట్ల బ్యాటరీని నింపడానికి, ఛార్జరులో పోయే నష్టం కలుపుకొని, సుమారు 3.4 యూనిట్లు పడుతుంది. యూనిట్‌కు రూ.8 చొప్పున రూ.27 అవుతుంది. దానితో రోడ్డు మీద 90 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు 30 పైసలు పడ్డట్టు. లీటరు రూ.107 పెట్టి కొట్టించి, 45 కిలోమీటర్లు నడిపే పెట్రోలు బండికి రూ.2.40 అవుతుంది. ఇంజిన్ ఆయిలు, బెల్టు, ఫిల్టర్లకు మరో పావలా వేసుకుంటే రూ.2.65.

ఈ లెక్కలో బ్యాటరీ ఎక్కడ? కొత్తది వేయించాలంటే రూ.60 వేలు అనుకుందాం. ఆ మొత్తాన్ని ఎన్ని కిలోమీటర్లకు పంచుతామన్నదే అసలు ప్రశ్న. బ్యాటరీ తిరిగితేనే కాదు, ఊరికే ఉన్నా అరుగుతుంది. ఫుల్ ఛార్జ్ చేసి ఎండలో వదిలేస్తే ఇంకా త్వరగా అరుగుతుంది.

రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాడు 80 వేల కిలోమీటర్లు లాగాక బ్యాటరీ మార్చాడనుకుందాం. బ్యాటరీ భారం కిలోమీటరుకు 75 పైసలు, కరెంటుతో కలిపి రూ.1.05. పెట్రోలుతో పోలిస్తే ఏడాదికి రూ.23 వేల దాకా మిగులుతుంది. అతను కళ్లు మూసుకుని కొనవచ్చు.

రోజుకు పది కిలోమీటర్లు తిరిగే టీచరమ్మ సంగతి వేరు. ఎనిమిదేళ్లలో ఆమె బండి తిరిగేది 29 వేల కిలోమీటర్లే. అప్పటికి వయసు మీదపడి బ్యాటరీ మార్చాల్సి వస్తే దాని భారమే రూ.2.07, కరెంటుతో రూ.2.37. ఏడాదికి మిగిలేది వెయ్యి రూపాయలు. మార్చకుండా అమ్మేద్దామన్నా, కొనేవాడు బ్యాటరీ ధర తగ్గించే అడుగుతాడు.

తెలంగాణలో మరో మెలిక ఉంది. గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. నెలకు 170 యూనిట్లు వాడే ఇంట్లో, రోజూ 40 కిలోమీటర్ల ప్రయాణానికి మరో 45 యూనిట్లు కలిస్తే గీత దాటి మొత్తం బిల్లు కట్టాలి. వెయ్యి దాటే ఆ బిల్లు పూర్తిగా స్కూటరు తెచ్చిపెట్టిన ఖర్చే. అంటే 30 పైసల కరెంటు కాస్తా రూపాయి దగ్గరకు చేరుతుంది. 140 యూనిట్లు వాడే పక్కింట్లో అదే స్కూటరు ఉచితంగా తిరుగుతుంది.

విద్యుత్ బండ్లకు మేము వ్యతిరేకం కాదు. ఎక్కువ తిరిగేవారికి అంతకన్నా చవకైన వాహనం లేదు. మా అభ్యంతరమల్లా సగం లెక్క చెప్పి అమ్మడంపైనే. వారంటీ ముగిశాక బ్యాటరీ ఎంతకు దొరుకుతుందో కంపెనీలు బుకింగ్ పత్రంలోనే రాయాలి. ‘ఎనిమిదేళ్ల వారంటీ’ అంటే ఎన్ని కిలోమీటర్ల వరకు, సామర్థ్యం ఎంత శాతానికి పడితే కొత్తది ఇస్తారో పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఈ రెండూ తప్పనిసరి చేస్తూ కేంద్ర రవాణా శాఖ నిబంధన తేవాలి.