గీజర్ బేరమాడే ముందు బాత్రూమ్ కిటికీ చూడండి

చలి మొదలయ్యేసరికి శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లో ఒకటే మాట. "కరెంటు గీజర్ పెడితే బిల్లు వాచిపోతుంది, గ్యాస్‌దే చవక." దీపం-2 పథకాన్ని 2024 నవంబరు 1న మన ఇచ్ఛాపురం మండలంలోని ఈదుపురంలోనే ప్రారంభించారు కాబట్టి, ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల ధీమా కూడా ఈ మాటకి తోడైంది. నాకైతే ఈ లెక్క ఎప్పుడూ కుదరలేదు.

నలుగురున్న ఇల్లు అనుకోండి. రోజుకి నాలుగు బకెట్లు, అంటే 80 లీటర్ల వేడి నీళ్లు. కుళాయి నీటికన్నా 20 డిగ్రీలు వేడెక్కితే స్నానానికి చాలు. గీజర్‌లో పోయే వేడిని కలుపుకుని కరెంటు దీనికి రోజుకి 2.2 యూనిట్లు, నెలకి 66 యూనిట్లు అవుతుంది. గ్యాస్‌తో అయితే నెలకి ఐదున్నర కిలోలు, అంటే 14.2 కిలోల బండలో మూడో వంతుకి కాస్త పైన. బండ 900 రూపాయలు అనుకుంటే 340 చిల్లర.

మరి కరెంటు? చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. చలికాలంలో ఏసీ ఉండదు, ఫ్యాన్లు ఆగిపోతాయి, బిల్లు ఎలాగూ తగ్గుతుంది. 90 యూనిట్లు కాలే ఇంట్లో గీజర్ పెడితే 156 అవుతుంది. మన స్లాబుల్లో 75 దాటాక 125 వరకు యూనిట్ 4.50, ఆ పైన 225 వరకు 6 రూపాయలు. కాబట్టి ఆ 66 యూనిట్లలో 35కి 157.50, మిగిలిన 31కి 186. మొత్తం 343 రూపాయల 50 పైసలు. సర్దుబాటు చార్జీలు వేసినా ఇంకో కొన్ని పదుల రూపాయలే. ముందున్న 90 యూనిట్ల రేటు మారదు. నెలకి 225 దాటే ఇంట్లో మాత్రం యూనిట్ 8.75కి ఎక్కుతుంది, అక్కడ గ్యాస్‌దే పైచేయి, ఒప్పుకుంటాను. ఉచిత సిలిండర్ల సంగతంటారా, అవి వంటకే సరిపోవు. గీజర్‌కి కాలేది ఎప్పుడూ మనం డబ్బు పెట్టి కొన్న బండే.

గ్యాస్ వైపు గట్టి మాట ఒకటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు స్తంభాలు కూల్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. గ్యాస్ గీజర్‌కి రెండు టార్చి బ్యాటరీలు చాలు. నిజమే, కానీ ఆ రోజుల్లో మోటారు కూడా ఆడదు, ట్యాంకులో నీళ్లే ఉండవు. మేడ మీది ట్యాంకు మరీ తక్కువ ఎత్తులో ఉంటే, నీటి ఒత్తిడి చాలక మామూలు రోజుల్లో కూడా ఆ గీజర్ వెలగదు.

కొనేటప్పుడు గ్యాస్‌ది నాలుగైదు వేలు, పదిహేను లీటర్ల కరెంటుది రకాన్ని బట్టి ఆరేడు వేలు, ఆ పైన. అయితే గ్యాస్‌కి రెండో బండ తీసుకుంటే డిపాజిట్ 2,200 కలుస్తుంది. కరెంటుకి బోర్డు నుంచి విడిగా 2.5 ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎంసీబీ, పనిచేసే ఎర్త్ కావాలి. లైట్ల వైరు మీదే కలిపేస్తే వైరు కాలుతుంది. మన బోరు నీళ్లలోని సున్నం కాయిల్‌కి పట్టేస్తుంది కూడా. నీళ్లు వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతోందంటే శుభ్రం చేయించాల్సిన వేళ వచ్చిందని గుర్తు.

అసలు భయం వేరు. నిమిషానికి ఆరు లీటర్లిచ్చే గ్యాస్ గీజర్ పూర్తి మంటతో గంట మండితే దాదాపు కిలో గ్యాస్ కాలుతుంది, దానికి సుమారు 12 ఘనమీటర్ల గాలి కావాలి. నాలుగడుగులు బై ఆరడుగుల బాత్రూమ్‌లో ఉండే గాలి ఐదున్నర ఘనమీటర్లు దాటదు. నలుగురు వరసగా పది నిమిషాల చొప్పున స్నానం చేస్తే, మూడో మనిషి వంతు ముగిసేలోపే గదిలోని గాలంతా ఒక చుట్టు మంటలోకి పోయినట్టే. మంటకి ఆక్సిజన్ కరువైతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గ్యాస్ లీకైతే వాసన వస్తుంది, దీనికి వాసన ఉండదు. నీలి మంట పసుపు రంగుకి తిరగడం, గీజర్ మూత మీద మసి, స్నానం చేసినవాళ్లందరికీ తలనొప్పి, వికారం. ఇవే గుర్తులు. తలనొప్పిని చలిగాలి ఖాతాలో వేసి, వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టేవాళ్లని నేను చూశాను.

పైగా మన ఊళ్లలో బాత్రూమ్‌ని ఎవరూ గదిగా లెక్కించరు. హాలుకి, దేవుడి గదికి స్థలం పంచాక మేడ మెట్ల కింద మిగిలిన మూలే బాత్రూమ్. మూడు వైపులా పక్కింటి గోడలు. అద్దె ఇళ్లయితే మరీను. గ్యాస్ గీజర్ బాత్రూమ్ బయట, గాలాడే గోడకి ఉండాలి, పొగ ఆరుబయటికి పోవాలి. అలాంటి గోడ లేని ఇంట్లో ఓనరు లోపలే బిగిస్తాడు. కరెంటుది పెట్టినా, బిల్లు తను కట్టడు కాబట్టి తక్కువ ధరది తెస్తాడు, ఎర్త్ గొయ్యి తవ్వించడు, "గీజర్ ఉంది" అని అద్దె ఐదు వందలు పెంచుతాడు. ప్లాన్ పాస్ చేసేటప్పుడు సెట్‌బ్యాక్ అడుగులు టేపు పెట్టి కొలుస్తారే, ఆ టేపుని ఒక్కసారి బాత్రూమ్ వెంటిలేటర్ మీద కూడా పెడితే ఏం పోతుంది?