‘ఇండియా, పాకిస్థాన్: తేడా మతం ఒక్కటే’ అన్న ఫార్వర్డ్‌కు జవాబు

“రీసెర్చ్ ప్రపోజల్ రాసేవాళ్లకు టిప్: మోస్ట్ సిమిలర్ అంటే ఒకేలాంటి దేశాలు, మోస్ట్ డిఫరెంట్ అంటే అన్నిటా వేరైన దేశాలు. ఉదాహరణకు ఇండియా, పాకిస్థాన్: చరిత్ర, చట్టం, పాలన అన్నీ ఒకటే, తేడా మతం ఒక్కటే. పాకిస్థాన్‌లో ప్రజాస్వామ్యం ఎందుకు నిలవలేదో రుజువైపోయినట్టే!”

చదువుకున్నవాళ్లే దీన్ని పదే పదే పంపుతుంటే రాయక తప్పడం లేదు.

పోల్చడానికి దేశాల్ని ఎంచుకునే పద్ధతులు ఈ రెండూ. మోస్ట్ డిఫరెంట్ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. మనం అనుమానించే కారణం తప్ప అన్నీ వేరైనా ఫలితం ఒకటే కావాలి. ఫలితమూ వేరైతే ఇక వివరించడానికేం ఉంది? మోస్ట్ సిమిలర్ దీనికి తలకిందులు: ఆ కారణం తప్ప అన్నీ కలవాలి, ఫలితం కలవకూడదు.

అసలు ప్రమాదం ఆ ఉదాహరణలో ఉంది. కాగితం మీద రెండు దేశాలకూ చెరో నిలువు గడి గీయండి. 1947 ఆగస్టు నాటికి ఉన్నవే రాయండి, ఆ తర్వాత జరిగినవి రాస్తే ఫలితాన్నే కారణాల్లో కలిపేస్తారు. కాంగ్రెస్‌కు చాలా రాష్ట్రాల్లో ఊళ్ల దాకా పాతుకున్న యంత్రాంగం ఉంది. ముస్లిం లీగ్ నాయకుల్లో చాలామంది సొంత ప్రాంతాలు సరిహద్దుకు ఇవతలే ఉండిపోయాయి. ఢిల్లీ సచివాలయం ఇండియాకు దక్కింది, కరాచీలో కేంద్ర ప్రభుత్వాన్ని కొత్తగా నిలబెట్టుకోవాల్సి వచ్చింది. పాకిస్థాన్ రెండు ముక్కల మధ్య దాదాపు 1600 కిలోమీటర్ల దూరం. దాని సైన్యంలో పంజాబ్‌దే పెద్ద వాటా. ఇన్ని వరుసలు తేడాగా ఉంటే వాటిలోంచి మతాన్ని ఒక్కదాన్నే ఏ పద్ధతిలో ఏరారో సెలవిస్తే మేమూ నేర్చుకుంటాం! రెండే కేసులున్నప్పుడు ఈ తేడాల్లో ఏది పనిచేసిందో విడదీయడం కుదరదు.

మూడో గడి గీసి చూడండి. మయన్మార్‌నూ బ్రిటిష్‌వాళ్లే ఏలారు, 1937 దాకా అది బ్రిటిష్ ఇండియాలో భాగం. జనంలో ఎక్కువమంది బౌద్ధులు. 1962లో సైన్యం గద్దెనెక్కింది. అంటే సైనిక పాలనకు ఇస్లాం ఉండితీరాలన్న నియమమేమీ లేదు. ఇండోనేషియాలో అత్యధికులు ముస్లింలు, అక్కడ 1999 నుంచి పోటీ ఎన్నికలు క్రమంగా జరుగుతున్నాయి. ఈ రెండిటినీ మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరెందుకో.

తేడాలు తగ్గాలంటే పోలికను దేశం కంటే కిందికి దించాలి. రాజకీయ శాస్త్రవేత్త డేనియల్ పోస్నర్ ఆఫ్రికాలోని జాంబియా, మలావీ సరిహద్దుకు రెండు వైపులా పక్కపక్క ఊళ్లు తీసుకున్నారు. రెండు వైపులా చేవా, తుంబుకా తెగల జనమే, భాషలూ ఆచారాలూ అవే. మలావీలో ఈ రెండు తెగలకూ రాజకీయంగా పడదు, జాంబియాలో ఒకే జట్టు. మలావీలో రెండూ సొంతంగా ఓటు బ్యాంకు కాగలిగేంత పెద్ద సమూహాలు, జాంబియాలో చిన్నవి కాబట్టి తూర్పు ప్రాంతంవాళ్లుగా కలిశాయి. ఇది ఆయన వివరణ. సమూహాల పరిమాణంతో పాటు రెండు ప్రభుత్వాల చరిత్రా వేరే కదా అని ఇక్కడా అడగొచ్చు. అందుకే ఆ తేడా ఏ దారిలో పనిచేసిందో ఊళ్లలో మనుషుల్ని అడిగి మరీ చూపించాలి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇండియా, పాకిస్థాన్ జోడీ పనికిమాలినదేం కాదు. బ్రిటిష్‌వాళ్లు చేసిన 1935 భారత ప్రభుత్వ చట్టాన్నే సవరించుకుని రెండు దేశాలూ మొదలయ్యాయి. కాబట్టి ‘బ్రిటిష్‌వాళ్లు ఇచ్చిన చట్టం వల్లే ఇండియాలో ప్రజాస్వామ్యం నిలిచింది’ అనే వాదనను, ఆ చట్టం ఒక్కటే చాలు అన్నంత వరకు, ఈ జోడీ కొట్టిపారేస్తుంది. ఇద్దరికీ ఉన్నది ఇద్దరి మధ్య తేడాకు కారణం కాలేదు. ప్రపోజల్‌లో ఈ జోడీ పెట్టేవాళ్లు ఆ పని వరకే పెట్టండి.