ఎండాకాలం ఎత్తు, వానాకాలం బరువు: ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కి నా జవాబు

"పిల్లలు ఏడాదంతా ఒకేలా పెరగరు. ఎత్తు మొత్తం ఏప్రిల్ నుంచి జూన్ లోపే పెరుగుతుంది, విదేశాల్లో శాస్త్రవేత్తలు ఎప్పుడో నిరూపించారు. సెలవులకు ముందు గోడ మీద గీత పెట్టి, బడి తెరిచాక చూడండి, మీకే తెలుస్తుంది. ఈ మూడు నెలలు ఎత్తు పెంచే పొడి పాలలో కలిపి ఇవ్వండి. వానాకాలంలో పిల్లల బరువు తగ్గడం సహజం, దసరా నాటికి అదే వస్తుంది, టెన్షన్ పడొద్దు. పది గ్రూపులకు పంపండి."

ఈ మెసేజ్ మా చుట్టాల గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. నేను దేవరకొండ వైపు పల్లెల్లో ఇరవై ఏళ్లకు పైగా అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా తిరిగి రిటైరైనదాన్ని. పూర్తి అబద్ధమైతే నవ్వి ఊరుకునేదాన్ని. ఇందులో కొంత నిజం ఉంది, కానీ అది మన ఊళ్లో పుట్టిన నిజం కాదు. ఆఖరి మాట మాత్రం పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది. అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

ముందు ఆ శాస్త్రవేత్తల సంగతి. ఫ్రాన్స్‌లో మోంబెయార్ అనే ఆయన 1759 నుంచి 1777 వరకు కొడుకు ఎత్తును దాదాపు ఆరు నెలలకోసారి కొలుస్తూ వచ్చాడు. ఆ పిల్లవాడు చలికాలంలో కంటే వేసవిలో ఎక్కువ పెరిగాడని ఆ లెక్కల్లోనే బయటపడింది. తర్వాత 1880లలో కోపెన్‌హేగన్‌లో చెవిటి, మూగ పిల్లల బడి నడిపిన మాలింగ్ హాన్సెన్ అనే పాస్టర్ తన విద్యార్థులను రోజూ తూచి, కొలిచాడు. అక్కడి పిల్లలు వసంతం, వేసవి నెలల్లో ఎక్కువ పొడవు సాగారు. బరువు మాత్రం ఆ తర్వాత, శరదృతువు నుంచి చలికాలం మొదలయ్యేదాకా ఎక్కువ పెరిగింది. ఎత్తుకో కాలం, బరువుకో కాలం. ఫార్వర్డ్ రాసినవాళ్లు ఇంతవరకూ ఎక్కడో విన్నట్టున్నారు.

వినకుండా వదిలేసింది మిగతాది. ఆ పిల్లలు మిగతా నెలల్లో పెరగడం ఆపలేదు, వేగం తగ్గింది అంతే. ఇంగ్లండ్‌లో మార్షల్ అనే పరిశోధకుడు 1971లో తేల్చింది ఇంకా ముఖ్యం. ఒక్కో పిల్లకి వేగంగా పెరిగే నెలలు ఒక్కోలా ఉంటాయి, కాబట్టి ఏడాది కంటే తక్కువ వ్యవధిలో కొలిచి ఈ పిల్ల బాగా పెరుగుతోంది, ఈ పిల్ల పెరగడం లేదు అని తీర్పు చెప్పకూడదన్నాడు. అదే ఏడాది ఆయనా, ఆయనతో పనిచేసిన మరొకరూ కలిసి చూపులేని పిల్లలనూ పరిశీలించారు. వాళ్ల ఎదుగుదలలోనూ హెచ్చుతగ్గులు ఉన్నాయి గానీ, అవి కాలాన్ని బట్టి నడవలేదు. కంటికి తగిలే వెలుతురుకీ దీనికీ ఏదో సంబంధం ఉందన్న అనుమానం అక్కడ బలపడింది.

వెలుతురే కారణం అనుకుందాం. కోపెన్‌హేగన్‌లో చలికాలం పగలు 7 గంటలు, వేసవి పగలు పదిహేడున్నర గంటలు. మన నల్లగొండలో ఏడాదిలో అతి చిన్న పగలు 11 గంటల పైచిలుకు, అతి పెద్దది 13 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలు. పది గంటల తేడా ఉన్నచోట కనిపించినదాన్ని తెచ్చి మన ఇళ్ల గోడలకు అతికించడం కుదరదు.

గోడ అన్నాను కదా, ఆ గీత సంగతి చూద్దాం. మా మేనల్లుడు ఇది నిజంగానే చేశాడు. కొడుక్కి ఏడేళ్లు. ఏప్రిల్ 23 సాయంత్రం, బడి ఆఖరి రోజు, ఆడుకుని వచ్చాక గోడకు నిలబెట్టి పెన్సిల్‌తో గీత పెట్టాడు. జూన్ 12 పొద్దున బడికి పంపేముందు ఇంకో గీత. రెంటికీ మధ్య 2 సెంటీమీటర్లు. "అత్తమ్మా, మెసేజ్ కరెక్టే" అని ఫొటో పంపాడు.

ఏడేళ్ల పిల్లవాడు ఏడాదికి సుమారు 6 సెంటీమీటర్లు పెరుగుతాడు. ఆ లెక్కన 50 రోజులకు 0.8 రావాలి. మిగిలిన 1.2 ఎక్కడిది? రాత్రంతా పడుకుంటే వెన్నెముక పూసల మధ్య మెత్తటి పొరలు నీరు పట్టి ఉబ్బుతాయి, పగలంతా నిలబడి తిరిగితే అణుగుతాయి. అందుకే ఎవరైనా పొద్దున లేచినప్పటికంటే సాయంత్రానికి ఒక సెంటీమీటరు దాకా పొట్టి అవుతారు. వీడు మొదటిసారి సాయంత్రం కొలిచాడు, రెండోసారి పొద్దున. మిగతా కొంచెం చేతి తప్పు. తల మీద పుస్తకం ఒరిగినా, మడమ గోడకు ఆనకపోయినా, జుట్టు పెరిగినా అర సెంటీమీటరు ఇటో అటో పోతుంది. స్టాండు పెట్టి కొలిచే మా టీచర్లకే రెండుసార్లు కొలిస్తే మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా వచ్చేది.

ఇంకోలా కూడా పట్టుకోవచ్చు. 50 రోజులకు 2 సెంటీమీటర్లంటే ఏడాదికి పద్నాలుగున్నర. అంత వేగం చంటిపిల్లలకే ఉంటుంది, ఏడేళ్లవాడికి కాదు. మా మేనల్లుడిని అదే గంటకు, అదే గోడ దగ్గర మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాసుకోమన్నాను, మళ్లీ ఏడాదికి చూడమన్నాను. వాడికి అంత ఓపిక ఉంటుందా అన్నది వేరే మాట.

పొడి గురించి ఎక్కువ రాయను. ఎముక పొడవు పెరిగేది దాని చివర ఉండే మెత్తటి ఎముక దగ్గర. అక్కడ మూడు నెలలకు సరిపడా సరుకు నింపి దాచుకునే గది ఏదీ లేదు. రోజూ తినేదాన్ని బట్టి రోజూ నడిచే పని అది. డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదివి, అదే డబ్బుకి ఎన్ని గుడ్లు వస్తాయో లెక్క వేసుకోండి.

ఇక వానాకాలం. బరువు పడిపోవడం నిజమే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మా సెంటర్లలో మూడేళ్లలోపు పిల్లల బరువు నెలనెలా గుర్తించే కార్డులు చూస్తే గీతలు చదును అయ్యేవి, కొన్ని కిందికి దిగేవి. గాంబియాలో కెనెబా అనే పల్లెలో ఇంగ్లండ్ వైద్య పరిశోధకులు దశాబ్దాల పాటు పిల్లలను తూచారు. అక్కడా వానలు మనలాగే జూన్ నుంచి అక్టోబర్ దాకా, అక్కడా అదే తీరు. కానీ వాళ్లు దాన్ని ప్రకృతి అని వదిలేయలేదు. విరేచనాలు, మలేరియా, ఇంట్లో గింజలు అడుగంటడం, తల్లులు పొద్దుగూకేదాకా పొలంలో ఉండటం, ఇవన్నీ ఒకేసారి మీద పడే నెలలవి అని రాశారు.

మన దగ్గర బియ్యం కొరత రేషన్‌తో చాలావరకు తీరింది. పప్పు, గుడ్డు, నూనె, అన్నిటికంటే అమ్మ చేతికి తీరిక, ఇవి మాత్రం ఆ నెలల్లో ఉండవు. పత్తి గింజలు పెట్టడం, కలుపు, నాట్లు అన్నీ ఒకదాని వెనక ఒకటి. తల్లి పొద్దున ఆరింటికి వండి కూలికి పోతుంది. పాప నాయనమ్మ దగ్గరో, ఎనిమిదేళ్ల అక్క దగ్గరో ఉంటుంది. పొద్దున వండిన అన్నమే మధ్యాహ్నం రెండింటికి పెడతారు. ఆ ఉక్కలో, ఆ ఈగల్లో అది అప్పటికే పాడవడం మొదలై ఉంటుంది.

ఇది కాలం మహిమ అయితే ఒకే ఊళ్లో పిల్లలందరికీ ఒకే నెలలో జరగాలి కదా. పాలమూరు వైపు తండాల నుంచి దసరా దాటాక తల్లిదండ్రులతో వలస పోయే పిల్లలు ఉంటారు. వాళ్ల కార్డులో నవంబర్ నుంచి గళ్లు ఖాళీ. ఉగాదికో, తొలకరికో తిరిగొస్తే, ఊళ్లోనే ఉన్న పక్కింటి పిల్ల చలికాలంలో బరువు పెరిగి ఉంటుంది, వీళ్లు తగ్గి ఉంటారు. ఎండ ఒకటే, వాన ఒకటే. బతుకు వేరు.

ఒక పాప కార్డు ఇప్పటికీ గుర్తుంది. మే నెలలో ఏడాదిన్నర వయసు, 9 కిలోలు. ఆ వయసులో నెలకు 200 గ్రాములు పెరగాలి. జూన్‌లో 9.2, బాగానే ఉంది. జూలైలో 9.0, ఆగస్టులో 8.9. ఆగస్టుకి 9.6 ఉండాల్సింది, 700 గ్రాములు వెనకబడింది. అయినా కార్డులో చుక్క పచ్చ రంగులోనే పడింది, జబ్బ చుట్టుకొలత టేపు కూడా పచ్చే చూపించింది. అందుకే టీచర్ పట్టించుకోలేదు. రంగు పిల్ల ఈ రోజు ఎక్కడుందో చెబుతుంది. ఎటు పోతోందో గీత చెబుతుంది. మూడేళ్లలోపు పిల్ల వరుసగా రెండు నెలలు పెరగకపోతే రంగు ఏదైనా సరే, ఇంటికి పోయి చూడాల్సిందే.

పోయి అడిగితే జూలైలో రెండుసార్లు మోషన్స్ అయ్యాయన్నారు. మోషన్స్ అయినప్పుడు పదికిలోల పిల్ల ఒక్క నీటి వల్లే అర కిలో దాకా తగ్గవచ్చు, అది తాగించిన ఒకటి రెండు రోజుల్లో తిరిగొస్తుంది. కాబట్టి ఐదు రోజులు ఆగి మళ్లీ తూచాం, తడి బట్టలు లేకుండా, త్రాసు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకుని. అదే 8.9. అంటే పోయింది నీరు కాదు, ఒళ్లు.

ఆ నెలలో మళ్లీ మోషన్స్ మొదలైతే ఓఆర్ఎస్‌తో పాటు జింక్ మాత్ర 14 రోజులు వేయించాం. ఆగగానే మాత్ర మానేయడం మామూలుగా జరిగే తప్పు. అంగన్‌వాడీలో చిన్నపిల్లలకిచ్చే పోషకాహార పొడి, బాలామృతం ప్యాకెట్, ఇంట్లో అందరూ తింటున్నారని తెలిసింది, దాన్ని పాపకే ఉంచమన్నాం. నాయనమ్మతో చేయించింది ఒకటే: మధ్యాహ్నం పొద్దుటి అన్నం కాకుండా, అప్పటికప్పుడు మరిగించిన నీళ్లలో బాలామృతం కలిపి, చెంచా నూనె వేసి పెట్టడం. జబ్బు తగ్గాక రెండు వారాలు రోజుకి ఒక పూట ఎక్కువ.

సెప్టెంబర్‌లో 9.3, అక్టోబర్‌లో 9.9. దసరాకి బరువు వచ్చిందనే చెప్పుకోవచ్చు, మెసేజ్‌లో రాసినట్టే. కాకపోతే అది దానంతటది రాలేదు, అదే వీధిలో ఇంకో పిల్లకి రాలేదు కూడా. ఆ పిల్ల జబ్బ టేపు నవంబర్‌కి 11.5 సెంటీమీటర్ల కిందికి దిగి ఎర్ర రంగులో పడితే ఆసుపత్రిలో పోషకాహార వార్డుకి పంపాల్సి వచ్చింది.

పొడవు సంగతి వేరు, అది బరువు వెనకే కొన్ని నెలలు ఆలస్యంగా నడుస్తుంది. ఒళ్లు కూడదీసుకునేదాకా ఎముక ఆగుతుంది. ఆ పాపను ప్రతిసారీ పడుకోబెట్టే కొలిచాం, ఎందుకంటే నిలబెట్టి కొలిస్తే అదే పిల్ల 0.7 సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. బరువు తిరిగొచ్చిన ఆగస్టు, నవంబర్ల మధ్య పాప ఒకటిన్నర సెంటీమీటరు కూడా సాగలేదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు 3 సెంటీమీటర్లు సాగింది. అది చలికాలం.