125% పెడితే అన్నీ మసకేనా?

"లైనక్స్‌లో 125% స్కేలింగ్ పెడితే అన్ని యాప్స్ బ్లర్ అయిపోతాయి, తప్పంతా వేలాండ్‌దే. కేబుల్ మార్చండి, లేదంటే రిజల్యూషన్ తగ్గించండి, కుదరకపోతే ఎక్స్11కి వెళ్లిపోండి."

ఈ వారంలో ఈ మెసేజ్ నాకు రావడం నాలుగోసారి. కేబుల్ సంగతి ముందు తేల్చేద్దాం, లాప్‌టాప్ సొంత స్క్రీన్‌కి ఏ కేబుల్ మారుస్తావ్ బాబూ?

"అన్ని యాప్స్" అనేది కూడా అబద్ధమే. టెర్మినల్‌లో `xlsclients` కొట్టి చూడండి, మసకగా ఉన్నవాటి పేర్లు దాదాపు అన్నీ అక్కడే కనిపిస్తాయి. అవి స్క్రీన్ మీద బొమ్మ చూపించే పాత వ్యవస్థ ఎక్స్11 కోసం రాసినవి, దాని స్థానంలో వచ్చిన వేలాండ్‌లో అలాంటి యాప్స్‌ని నడిపించే ఎక్స్‌వేలాండ్ మీద నడుస్తున్నాయి. నా 1920x1080 లాప్‌టాప్‌లో 125% పెడితే డెస్క్‌టాప్ లెక్కలో స్క్రీన్ 1536x864 అవుతుంది, పాత యాప్ ఆ చిన్న సైజుకే బొమ్మ గీసి ఇచ్చేస్తుంది, దాన్ని, విండోలన్నిటినీ కలిపి స్క్రీన్ మీద చూపించే కంపోజిటర్ సాగదీస్తుంది, అంటే ప్రతి 4 పిక్సెళ్లూ 5 అవ్వాలి. తలకట్టులోని ఒక పిక్సెల్ గీత ఒకటింపావు అవుతుంది, ఆ పావు పక్క పిక్సెల్ మీద బూడిదరంగులా పడుతుంది. మీకు కనిపించే మసక అదే. 2022లో వేలాండ్‌కి ఫ్రాక్షనల్ స్కేల్ ప్రోటోకాల్ వచ్చాక, దాన్ని వాడే క్యూటీ6 లాంటి టూల్‌కిట్‌లతో రాసిన యాప్స్‌కి కంపోజిటర్ "1.25లో గీయి" అని నేరుగా చెబుతుంది, అవి సొంతంగా గీసుకుంటాయి, సాగదీతే లేదు. జీటీకే3 యాప్స్‌కి అది రాదు, రెండింతల్లో గీస్తే కుదించాలి, కాస్త మెత్తగా ఉంటాయి అంతే.

ఇక రిజల్యూషన్ తగ్గించమన్న మహానుభావుడికి దండం పెట్టాలి. 1600x900 పెడితే ఏమవుతుంది? మొత్తం స్క్రీన్ 1.2 రెట్లు సాగుతుంది. అంటే రెండు పాత యాప్స్ మసకగా ఉన్నాయని బ్రౌజర్, టెర్మినల్, మౌస్ బాణం, గడియారం అన్నిటినీ మసక చేసుకోమంటున్నాడు, ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు. పైగా దాన్ని "క్లియర్‌గా వస్తుంది" అని మా కజిన్‌కి పంపితే, పాపం వాడు నెల రోజులు అలాగే పని చేసి నంబర్ పెరిగిందేమోనని కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాడు.

ఎక్స్11 మాట మాత్రం, ఒప్పుకోవాలి, సగం నిజం. మానిటర్ ఒక్కటే అయితే అక్కడ ఫాంట్ డీపీఐని 96 నుంచి 120 చేయండి, అక్షరాలు ఆ సైజులోనే గీస్తారు కాబట్టి గీతలు పదునుగా వస్తాయి, నేనే రెండేళ్లు అలా వాడాను. కానీ పక్కన ఇంకో సైజు మానిటర్ తగిలించారా, ఆ 120 రెండిటికీ ఒకటే, ఒకదాంట్లో బాగుంటే రెండోదాంట్లో గుర్రమంత అక్షరాలు.

వేలాండ్‌లోనే ఉండి పాత యాప్స్ మసక పోగొట్టాలంటే, గ్నోమ్ డెస్క్‌టాప్ 47 నుంచి అయితే ఇది పెట్టి లాగౌట్ అయి రండి (ముందు వేరే ఫీచర్లు ఆన్ చేసి ఉంటే వాటినీ ఈ లిస్టులో కలపండి, లేకపోతే పోతాయి):

```
gsettings set org.gnome.mutter experimental-features "['scale-monitor-framebuffer', 'xwayland-native-scaling']"
```

కేడీఈ డెస్క్‌టాప్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే పాత యాప్స్ స్కేలింగ్ వాటికే వదిలేసే ఆప్షన్ ఉంటుంది. రెండిట్లోనూ స్కేలింగ్ అంటే ఏంటో తెలియని పాత యాప్ మసక పోయి, చీమ తలకాయంత అవుతుంది.