ఎర్ర చుక్క ఎక్కడ బాబూ?

నిన్న సాయంత్రం జరిగింది, ఇంకా కడుపుమంట చల్లారలేదు. అందుకే అది ఆరిపోకముందే రాసేస్తున్నా.

మా గేమ్‌లో జాతర సీన్ ఒకటుంది. కెమెరా గుడి వైపు తిరిగితే చాలు, తెర మీద నల్లటి చతురస్రాలు వచ్చి పోతుంటాయి. మా లీడ్ గారు ఒకసారి చూసి, "డ్రైవర్ ప్రాబ్లం బాబూ, అప్‌డేట్ చేసుకో" అన్నారు. ఆయన దగ్గర ఏ రోగానికైనా ఇదే మాత్ర. చేశాను. చతురస్రాలు ఇంకా స్పష్టంగా వచ్చాయి. ఇక ఫ్రేమ్ ఎలా గీయబడిందో విప్పి చూపించే రెండర్‌డాక్‌లో గేమ్ లాంచ్ చేసి, F12 కొట్టి ఒక ఫ్రేమ్ పట్టాను. సరిగ్గా అప్పుడే మేనేజర్ మేడమ్ మీటింగ్‌లోకి పిలిచి, "రెండు నిమిషాల పనే కదా, స్క్రీన్ షేర్ చేసి అందరికీ చూపించు" అన్నారు.

నల్ల చతురస్రం మీద రైట్ క్లిక్ చేసి పిక్సెల్ హిస్టరీ తెరిచాను. ఆ పిక్సెల్‌ని ఏయే డ్రా కాల్, అంటే గీయమని జీపీయూకి ఇచ్చే ఏయే ఆదేశం, తాకిందో వరసగా చెప్పే జాబితా అది. చివరి బొమ్మలో దాన్ని తాకినవి రెండే: టోన్ మ్యాపింగ్, దాని మీద యూఐ. టోన్ మ్యాపింగ్ అంటే సీన్‌లోని వెలుగును తెరకు సరిపడేలా సర్దే పని, మా దాంట్లో అది తెర మొత్తం కప్పేసే ఒకే ఒక త్రిభుజంగా గీస్తాం. దాన్ని దోషి అనడం, ఇల్లు తగలబడితే చివర్లో ఫోటో తీసినవాణ్ణి అరెస్ట్ చేయడమే. కానీ లీడ్ గారు వెంటనే "చూశావా, టోన్ మ్యాపింగ్ షేడర్" అని నోట్ చేసేసుకున్నారు. ఆ షేడర్ రాసింది నేనే అని ఆయనకు బాగా గుర్తు.

దాని ఇన్‌పుట్లు చూస్తూ వెనక్కి నడిచాను. నలుపు బ్లూమ్ టెక్స్చర్ నుంచి వస్తోంది. వెలుగు చుట్టూ కాంతి పరుచుకున్నట్టు చూపించే ఈ బ్లూమ్‌లో బొమ్మను సగానికి, మళ్లీ సగానికి తగ్గించుకుంటూ పోతాం. మా దాంట్లో ఐదుసార్లు తగ్గుతుంది, 1920×1080 కాస్తా చివరికి 60×33 అవుతుంది. అక్కడ ఒక్క పిక్సెల్ చెడితే అసలు బొమ్మలో 32×32 గడి చెడినట్టే. తిరిగి పెంచేటప్పుడు బ్లర్ దాన్ని ఇంకా పరిచేస్తుంది. అంటే అసలు సీన్ బఫర్‌లో ఎక్కడో ఒకే ఒక్క పిక్సెల్‌లో NaN పుట్టి ఉండాలి. అంకె కాని అంకె అది. దానికి ఏం కలిపినా, దేంతో గుణించినా మళ్లీ అదే వస్తుంది. మా సీన్ బఫర్ R16G16B16A16_FLOAT కాబట్టి NaN అందులో అలాగే నిలిచి ఉంటుంది. మామూలు ఎనిమిది బిట్ల టార్గెట్ అయితే రాసేటప్పుడే సున్నాగా మారిపోయేది, ఈ గొడవే ఉండేది కాదు.

ఇప్పుడు ఆ ఒక్క పిక్సెల్‌ని పట్టాలి. టెక్స్చర్ వ్యూయర్‌లో సీన్ బఫర్ తెరిచి, ఓవర్లేలో "NaN/INF/-ve Display" పెట్టాను. బొమ్మ మొత్తం బ్లాక్ అండ్ వైట్ అయిపోయి, NaN ఉన్నచోట ఎరుపు, అనంతం ఉన్నచోట ఆకుపచ్చ, రుణ సంఖ్య ఉన్నచోట నీలం కనిపిస్తాయి. గుడి మండపం దగ్గర ఎర్రగా ఒక చుక్క మెరిసింది.

"అదిగో, దొరికింది!" అన్నాను, లాటరీ తగిలినవాడిలా.

"ఎక్కడ?" అన్నారు మేడమ్.

"అదే, మండపం కింద, ఎర్ర చుక్క."

"ఏ చుక్క?"

మౌస్‌తో చుట్టూ గీశాను. లీడ్ గారు కళ్లజోడు మార్చారు. ఆర్ట్ టీమ్ అబ్బాయి ల్యాప్‌టాప్ తెర మీద ఏదో మరక చూసి, చొక్కా అంచుతో తుడిచి, "అన్నా, ఇప్పుడు అదీ పోయింది" అన్నాడు. టెస్టింగ్ అమ్మాయి వైఫైని తిట్టింది. మేడమ్ మాత్రం "ఎడమ పక్కనా? కుడి పక్కనా? నాకు గోపురం మీద కాకి కనిపిస్తోంది, అదేనా?" అని ఓపిగ్గా అడిగారు. కాకి కాదు మేడమ్. "పోనీ నంది?" నంది కూడా కాదు మేడమ్. ఆవిడ ఆ జాతర సీన్‌ని ఇంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారనుకుంటా. మధ్యలో కొబ్బరికాయల బండికి చక్రం లేదని కూడా కనిపెట్టారు. అది వేరే టికెట్.

సంగతేంటంటే, స్క్రీన్ షేర్ వీడియో సాధారణంగా రంగు వివరాలను నిలువుగా సగం, అడ్డంగా సగం తగ్గించి పంపుతుంది. బూడిద రంగు మధ్యలో ఉన్న ఒక్క ఎర్ర పిక్సెల్ అందులో కరిగిపోతుంది. నా తెర మీద మెరుస్తోంది, వాళ్ల తెరల మీద లేదు. అయిదుగురు పెద్దమనుషుల ముందు లేని చుక్కను చూపిస్తూ కూర్చున్నాను. "బాబూ, లంచ్ చేశావా?" అని లీడ్ గారు మెల్లగా అడిగారు.

చివరికి ఆ పిక్సెల్‌ని రైట్ క్లిక్‌తో పట్టుకున్నాక, పక్కనున్న పిక్సెల్ కాంటెక్స్ట్ పెట్టెలో అది పెద్ద గడిలా కనిపించింది. "ఆ, ఇదా!" అన్నారందరూ. ఇంతసేపూ నేను దాన్ని దాచిపెట్టినట్టు.

అక్కడ మళ్లీ పిక్సెల్ హిస్టరీ తెరిచాను. ఈసారి జాబితా పొడవుగా ఉంది: గోడ, మండపం, ఇంకేదో, ఆపైన పొగ, దీపాల వెలుగు. చివరి మూడింటిలోనూ NaN ఉంది. కానీ దాన్ని కలుపుతున్న పొగకీ, వెలుగుకీ పాపం ఏమీ తెలియదు, వాళ్లు వచ్చేసరికే అక్కడ అది ఉంది. చూడాల్సింది ఏ వరసలో డ్రాకు ముందు విలువ శుభ్రంగా ఉండి, షేడర్ బయటికిచ్చిన విలువ NaN అయిందో. అది ఆ "ఇంకేదో" వరస. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ఈవెంట్ బ్రౌజర్‌లో ఒక DrawIndexed దగ్గర నిలిచింది. దానికి పేరు లేదు. పైన "Colour Pass #2 (1 Targets + Depth)" అని రెండర్‌డాక్ తానే పెట్టిన పేరు. మా ఇంజిన్‌లో డీబగ్ మార్కర్లు ఉండేవి. "వేగం తగ్గుతోంది" అని పోయిన నెల ఎవరో పుణ్యాత్ముడు పీకేశాడు. ఎంత వేగం మిగిలిందో ఇంతవరకూ చెప్పలేదు.

మెష్ వ్యూయర్‌లో చూస్తే అది గుడి గంట. దాని నాలుకకు అడుగున ఉన్న త్రిభుజాల మూడు మూలల్లోనూ, ఉపరితలం ఎటు చూస్తోందో చెప్పే నార్మల్ 0, 0, 0. షేడర్‌లో ఇలా ఉంది:

```hlsl
float3 n = normalize(i.normal);
float diff = max(dot(n, L), 0);
float3 amb = lerp(ground, sky, n.y * 0.5 + 0.5);
```

పొడవే లేని వెక్టర్‌ని దాని పొడవుతో భాగిస్తే NaN. రెండో లైన్‌లో అది బయటపడదు, డైరెక్ట్3డీలో max రెండింటిలో అంకె అయినదాన్నే ఇస్తుంది కాబట్టి సున్నా వస్తుంది. మూడో లైన్‌లో ఆపేవాడు లేడు. గంట దూరంగా ఉంటే ఆ త్రిభుజాలు ఒక్క పిక్సెల్ మాత్రమే ఆక్రమిస్తాయి, కెమెరా కాస్త కదిలితే అదీ ఉండదు. అందుకే ఆ చతురస్రాలు వచ్చి పోతున్నాయి.

"ఆ అడుగు ముక్కకి ఎక్స్‌పోర్ట్‌లో నార్మల్స్ టిక్ తీసేశాం అన్నా, ఫైల్ సైజు తగ్గుతుందని" అన్నాడు ఆర్ట్ అబ్బాయి, నిమ్మకు నీరెత్తినట్టు. మెష్ సరిచేయమన్నాను. రేపు ఇంకో గంట ఇలాగే వస్తుందని తెలుసు కనుక, షేడర్‌లో కూడా అక్కడే మార్చాను:

```hlsl
float3 n = i.normal * rsqrt(max(dot(i.normal, i.normal), 1e-8));
```

మళ్లీ క్యాప్చర్ తీశాను. ఓవర్లేలో ఎరుపు లేదు. గర్వంగా స్క్రీన్ షేర్ చేశాను.

మేడమ్ కాసేపు చూసి, "అవునూ, ఈ గంట ఇంకా సీన్‌లో ఎందుకుంది? పోయిన వారమే తీసేయమన్నాం కదా?" అన్నారు.